సగం రేటుకు పూర్తి అనువాదమా?

అమెరికాలో ఒక ఫ్రీలాన్స్ అనువాదకురాలు తన వృత్తి సంఘానికి ఉత్తరం రాశారనుకుందాం. ‘ఏజెన్సీలు మెషీన్ చేసిన అనువాదం పంపి దిద్దిపెట్టమంటున్నాయి. రేటు సగానికి పడిపోయింది. ఇంతకు తగ్గి ఎవరూ పని చేయకూడదని మీరే ఒక కనీస రేటు ప్రకటించండి’ అన్నది ఆమె కోరిక. ముందు ఆమె లెక్క చూద్దాం.

పదానికి 10 సెంట్ల చొప్పున రోజుకు 2,500 పదాలు అనువదిస్తే 250 డాలర్లు వచ్చేవి. దిద్దే పనికి పదానికి 5 సెంట్లే ఇస్తే, అంతే సంపాదనకు రోజుకు 5,000 పదాలు కావాలి. మూలంతో వాక్యం వాక్యం పోల్చి చూస్తే 3,500 దగ్గరే రోజు గడిచిపోతుంది. చేతికొచ్చేది 175 డాలర్లు.

పాత పద్ధతిలోనూ తగ్గింపు ఉండేదని ఏజెన్సీలు అంటాయి. నిజమే. ‘ట్రాన్స్‌లేషన్ మెమరీ’ అనే భాండారంలో ఇదివరకు అనువదించిన వాక్యాలు నిల్వ ఉంటాయి. కొత్త వాక్యం వాటిలో ఒకదానికి దగ్గరగా ఉంటే ఆ పదాలకు తక్కువ ఇస్తారు. కానీ అది ఒక మనిషి చేసి పెట్టిన వాక్యం. కొత్తదానిలో ఏ మాట మారిందో సాఫ్ట్‌వేర్ రంగు వేసి చూపిస్తుంది కూడా. మెషీన్ వాక్యాన్ని అంతకుముందు ఎవరూ సరిచూసి ఉండరు, తప్పెక్కడుందో చూపే రంగూ ఉండదు. మందు కరపత్రంలో ‘గర్భిణులు వాడకూడదు’ అన్నది ‘వాడవచ్చు’గా మారినా వాక్యం సాఫీగానే చదువుకుంటుంది. మూలం పక్కన పెట్టుకుంటే తప్ప దొరకదు.

అయినా సంఘం కనీస రేటు ప్రకటించలేదు. చట్టం దృష్టిలో ప్రతి ఫ్రీలాన్సరూ ఒక స్వతంత్ర వ్యాపారి. వ్యాపారులంతా కూడబలుక్కుని ధర కడితే అమెరికా పోటీ చట్టాల ప్రకారం నేరం. ఉద్యోగుల యూనియన్లకున్న మినహాయింపు సాధారణంగా వీరికి వర్తించదు. అంతర్జాతీయ సమావేశ దుబాసీల సంఘం రేట్లు నిర్ణయిస్తోందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1997లో ఆ పని ఆపమని ఆదేశించింది.

కాబట్టి ఆ ఉత్తరం ధర అడగడం మాని షరతులు అడిగితే ఫలితం ఉంటుంది. రేటు ఒప్పుకునే ముందు మెషీన్ అనువాదం నమూనా చూపడం, నాసిరకమైతే మొదటినుంచి అనువదించి పూర్తి రేటు తీసుకోవడం, పదాలకు బదులు గంటలకు బిల్లు వేయడం వంటివి నమూనా ఒప్పందంలో చేర్చి సభ్యులకు ఇవ్వవచ్చు. ఎంత అడగాలో ఎవరికి వారే తేల్చుకుంటారు.

వాదనకు ఆధారం కూడా ఉంది. ఈ దిద్దుబాటు పనికి 2017లో వచ్చిన ఐఎస్ఓ 18587 ప్రమాణం, పూర్తిస్థాయి దిద్దుబాటు ఫలితం మనిషి చేసిన అనువాదంతో పోల్చదగినదిగా ఉండాలంటుంది. ఆ నాణ్యత కావాలనే ఏజెన్సీ, దానికి పట్టే గంటల డబ్బు ఎవరిస్తారో కూడా చెప్పాల్సి ఉంటుంది.