పోస్టు చేసేలోపు

ఒక కథ అనుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయికి తెనాలి నుంచి పిన్ని వాట్సాప్‌లో ఫొటో పంపింది. అమ్మానాన్నల 30వ పెళ్లిరోజు. గుడి మెట్ల దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు. అమ్మ కెమెరా వంక చూస్తోంది, నాన్న చెప్పుల స్టాండు వంక చూస్తున్నాడు. దాన్ని ఫేస్‌బుక్‌లో పెడదామని రాత్రి అన్నం తిన్నాక కూర్చుంది.

"హ్యాపీ యానివర్సరీ మామ్ అండ్ డాడ్" అని కొట్టింది. బుద్ధెరిగాక వాళ్లను అలా పిలిచిన పాపాన పోలేదు. తుడిపేసింది.

"ప్రేమంటే ఏమిటో మిమ్మల్ని చూసే నేర్చుకున్నాను." ఆఫీసు స్నేహితులైతే లైకులు కొడతారు. కానీ మేనత్త కూడా చూస్తుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్న సమయం. "ఏం నేర్చుకుందంటా?" అని ఆవిడ అమ్మకే ఫోన్ చేస్తుంది. అదీ పోయింది.

"30 ఏళ్లలో ఒక్క మాట అనుకోని జంట." మోటారు స్విచ్ ఎవరు ఆపలేదన్న దాని మీద మొన్న ఆదివారమే పెద్ద యుద్ధం జరిగింది. తమ్ముడు కింద నవ్వు బొమ్మలు వరసగా పెడతాడు.

నాలుగోది పొడుగ్గా రాసింది. నాన్న కొట్టు మూసేయడం, అమ్మ గాజులు తాకట్టు పెట్టడం, ఆ డబ్బుతో తన ఫీజు కట్టడం. ప్రతి అక్షరం నిజమే. అయితే కొట్టులో వాటా ఉన్న బాబాయి కూడా ఫేస్‌బుక్‌లోనే ఉన్నాడు. పైగా గాజుల సంగతి ఊరికి తెలియడం నాన్నకు ఇష్టముండదు. దీన్ని తుడపడానికి మాత్రం కాస్త సేపు పట్టింది.

ఇది ఈ ఒక్క అమ్మాయి తంటా కాదు. 2013లో సౌవిక్ దాస్, ఆడమ్ క్రేమర్ అనే పరిశోధకులు 39 లక్షల మంది ఫేస్‌బుక్ వాడకందార్లను 17 రోజుల పాటు గమనించిన ఫలితాలు ప్రచురించారు. ఏం రాశారన్నది వాళ్లు చూడలేదు. కనీసం 5 అక్షరాలు కొట్టి, 10 నిమిషాల్లోపు పోస్టు చేయకపోతే మనసు మార్చుకున్నట్టు లెక్కేశారు. ఆ కాసిని రోజుల్లోనే 71 శాతం మంది ఒక్కసారైనా అలా ఆగిపోయారు. అందులో గమనించాల్సింది ఇంకొకటుంది. ఇతరుల పోస్టుల కింద రాసే కామెంట్లలో 13 శాతం అలా మధ్యలో ఆగిపోతే, సొంత పోస్టుల్లో 33 శాతం ఆగిపోయాయి. కామెంటు రాసేటప్పుడు మాట ఎవరితోనో తెలుసు. సొంత పోస్టు ఎవరి కంట పడుతుందో తెలియదు.

ఆలిస్ మార్విక్, డానా బోయ్డ్ 2011లో ట్విటర్ మీద రాసిన వ్యాసంలో ఈ ఇబ్బందిని 'కాంటెక్స్ట్ కొలాప్స్' పేరుతో చర్చించారు. మామూలుగా మనం మేనత్తతో ఒకలా, తమ్ముడితో ఒకలా, ఆఫీసులో ఒకలా మాట్లాడతాం. ఫేస్‌బుక్‌లో అందరూ ఒకే పందిట్లో కూర్చుంటారు, మన చేతిలో మైకు ఉంటుంది. అమ్మాయి తుడిపేసిన వాటిలో మొదటిది తప్ప మిగతావన్నీ ఎవరో ఒకరి ముఖం గుర్తొచ్చి పోయినవే. కథలో అసలు పాత్రలు అమ్మానాన్నలు కాదు, వీళ్లే.

పోనీ, అందరికీ సరిపడే మాట రాస్తే? "ఆదర్శ దంపతులకు శుభాకాంక్షలు" అంటే గొడవే ఉండదు. ఏ జంట ఫొటో కింద పెట్టినా నప్పుతుంది, ఫ్లెక్సీ మీద అచ్చేసినా నప్పుతుంది. కాబట్టే ఎవరూ చదవరు. ఇందులోంచి బయటపడే దారి నా దృష్టిలో ఒక్కటే: గుణగణాల జోలికి పోకుండా ఫొటోలో ఉన్న వస్తువును పట్టుకోవడం. వస్తువు మీద మేనత్తకైనా బాబాయికైనా అభ్యంతరం ఉండదు.

అమ్మాయి ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. నాన్న ఎడమ భుజానికి ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు వేలాడుతోంది. మెరూన్ రంగు, జిప్పుకు చిన్న గంట. ఇన్నాళ్లకు దొరికిందనుకుని గబగబా రాసింది: "30 ఏళ్లుగా అమ్మ బరువు మోస్తూ నాన్న. ఇవాళ హ్యాండ్‌బ్యాగుతో సహా." పోస్టు నొక్కేసింది. లైకులు టపటపా పడ్డాయి. మేనత్త కూడా దండం బొమ్మ పెట్టింది.

పత్రికాఫీసుల్లో ఫొటో కింద వాక్యం రాసేవాళ్లకు మొదట్లోనే చెప్పే జాగ్రత్త ఒకటుంది. కనిపించేది కళ్లు చెబుతాయి, అది ఎవరిదో, ఎందుకుందో మాత్రం అక్కడున్న మనిషిని అడిగే రాయాలి. పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, ఆ బ్యాగు నాదని నీకెవరు చెప్పారు? మీ పిన్నిది. ఫొటో తీయాలి కదా, కాస్త పట్టుకో బావా అని మీ నాన్న భుజాన తగిలించింది."

అమ్మాయి ఎడిట్ నొక్కి 'అమ్మ బరువు' తీసేసి 'ఇంటి బరువు' చేసింది. ఫేస్‌బుక్‌లో పోస్టు దిద్దితే పాత రూపం కూడా ఎడిట్ హిస్టరీలో ఉండిపోతుంది, పోస్టు కనిపించే వాళ్లెవరైనా తెరిచి చూడొచ్చు. పిన్ని చూసింది. "ముందు రాసిందే బాగుందమ్మా, బ్యాగు మాత్రం నాదే" అని కింద కామెంటు పెట్టింది.