పచ్చి చికెన్ పై అరలో ఎందుకు పెట్టకూడదు?

ఆదివారం బిర్యానీ కోసం శనివారం సాయంత్రమే కిలో చికెన్ తెచ్చుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. దుకాణంవాళ్లు ఇచ్చిన పాలిథిన్ కవర్‌ను అలాగే తీసుకెళ్లి, ఫ్రీజర్ కింద ఉండే ట్రేలో పెట్టేస్తుంటారు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఎక్కువ చల్లగా ఉండే చోటు అదే కాబట్టి మాంసం పాడవదని వాళ్ల లెక్క. చల్లదనం వరకూ అది నిజమే. చిక్కల్లా ఆ ట్రే మిగతా అరలన్నింటికీ పైన ఉండటమే.

పచ్చి చికెన్ నుంచి గులాబీ రంగు నీరు ఊరుతూనే ఉంటుంది. ఎముక మొన గుచ్చుకుని కవర్‌కు చిల్లు పడినా, ముడి వదులైనా ఆ నీరు తెల్లారేసరికి కింద ఉన్న పప్పు గిన్నెలోకో, కోసిపెట్టిన బొప్పాయి ముక్కల మీదికో చేరుతుంది. అందులో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. ఫ్రిజ్ చలికి అవి చావవు. చికెన్‌ను ముక్క లోపలి దాకా 75 డిగ్రీల వేడి తగిలేలా వండితే చస్తాయి. బొప్పాయిని మాత్రం ఎవరూ ఉడికించరు. అందుకే చికెన్ కూర తిన్నవాళ్లకు ఏమీ కాకపోయినా, పండు తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు.

కాబట్టి సర్దడం పైనుంచి మొదలుపెట్టాలి. వండిన కూరలు, పెరుగు, కోసిన పండ్లు మూతలు పెట్టి పై అరల్లో ఉంచాలి. పచ్చి మాంసం, చేపలు అన్నిటికన్నా కింది అరలోకి వెళ్లాలి.

అయితే ఆ అర కిందే కూరగాయల డబ్బా ఉంటుంది. పైనున్న గాజు పలక అంచుల సందుల్లోంచి నీరు టమాటాల మీదికి, కొత్తిమీర మీదికి కారవచ్చు. అందుకే చికెన్‌ను కవర్‌తో సహా లోతైన స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాలి. పెరుగు, మసాలా పట్టించి నానబెట్టిన ముక్కలు కూడా పచ్చి మాంసమే. వాటికీ ఇదే పద్ధతి. ఫ్రీజర్‌లోంచి తీసి మెత్తబడటానికి పెట్టిన చేపల నుంచి నీరు ఇంకా ఎక్కువ కారుతుంది కనుక వాటికి డబ్బా మరీ అవసరం.

ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు మించకుండా చూసుకుంటూ, పచ్చి చికెన్‌ను, చేపలను ఒకటి రెండు రోజుల్లో వండేయాలి. అంతకన్నా ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రీజర్‌లోనే పెట్టాలి.

ఒకవేళ నీరు కారిందే అనుకుందాం. వాసన చూసి బాగానే ఉందనుకోవడం పనికిరాదు. ఈ బ్యాక్టీరియా చేరినంత మాత్రాన వాసన మారదు. తడి తగిలిన పెరుగు, కోసిన పండ్లు, పచ్చిగా తినే కొత్తిమీర పారేయాలి. అరను బయటికి తీసి సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక తిరిగి పెట్టాలి. తుడిచిన గుడ్డను వేడి నీళ్లలో ఉతికేదాకా వంటగట్టు మీద వాడకూడదు.