గోధుమ రంగు ఎటు పోతుంది?

మూసిన లీటరు గాజు ఫ్లాస్కులో రెండు వాయువులున్నాయి: ఎరుపు గోధుమ రంగు NO₂, రంగులేని N₂O₄. రెండు NO₂ అణువులు కలిస్తే ఒక N₂O₄, అది విడిపోతే మళ్లీ రెండు NO₂. ఈ మిశ్రమం ఎటు కదులుతుంది?

చెరో 0.02 మోల్ ఉందనుకుందాం. N₂O₄ విడిపోయే చర్యకు NO₂ గాఢత వర్గాన్ని N₂O₄ గాఢతతో భాగించాలి: 0.0004 ÷ 0.02 = 0.02. ఇదే చర్యా భాగఫలం Q, అంటే ఇప్పటి స్థితి. సమతాస్థితి స్థిరాంకం K చేరాల్సిన స్థితి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 0.0046. Q ఎక్కువ కాబట్టి NO₂ జతకట్టి తగ్గుతుంది. దాదాపు సగం NO₂ పోయాక రెండూ సమానమవుతాయి, రంగు పలచబడుతుంది.

అదే మిశ్రమాన్ని 100 డిగ్రీలకు వేడిచేస్తే? అక్కడ K సుమారు 0.36. Q ఇప్పుడు తక్కువ కనుక N₂O₄ విడిపోయి రంగు చిక్కబడుతుంది. పదార్థాలు అవే, దిశ మాత్రం తిరగబడింది. అందుకే ఉష్ణోగ్రత చెప్పకుండా K విలువ వాడటం అర్థంలేని పని.

ఈ పోలిక దిశనే చెబుతుంది, వేగాన్ని కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర నైట్రోజన్, హైడ్రోజన్‌ల మిశ్రమం అమ్మోనియా వైపే పోవాలి. ఉత్ప్రేరకం లేకుండా ఎంతకాలం ఉంచినా కదలిక కనిపించదు.