300 ఎక్కడ 73 కోట్లు అవుతుంది?

కంప్యూటర్ సైన్స్ పరీక్షల్లో మెమరీ డంప్ ఇచ్చి, అందులో ఏ సంఖ్య ఉందో చెప్పమంటారు. ఈ వరస చూడండి:

```
1000: 2C 01 00 00 FE FF 41 50
```

రెండేసి గుర్తుల జత ఒక్కోటీ ఒక బైట్. 2C ఉన్న చోటు 1000, 01 ఉన్నది 1001, చివరి 50 ఉన్నది 1007. విలువలు హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా రాసి ఉన్నాయి.

మొదటి ప్రశ్న: 1000 దగ్గర నాలుగు బైట్ల పూర్ణసంఖ్య ఎంత? చదివే పద్ధతిని బట్టి జవాబు మారిపోతుంది. పెద్ద విలువున్న బైట్ ముందుండేది బిగ్ ఎండియన్. అలా చదివితే 2C010000, అంటే 73,82,63,040. చిన్న విలువున్న బైట్ ముందుండేది లిటిల్ ఎండియన్. అలా చదివితే 0000012C. ఇది 256 + 2×16 + 12, అంటే 300. మామూలు ల్యాప్‌టాప్‌లలోని ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లు రెండో పద్ధతివే.

ఇక్కడ విద్యార్థులు ఎక్కువగా తడబడేది 2Cని C2 చేసేయడంలో. తిరగబడేది బైట్ల వరస మాత్రమే. బైట్ లోపలి అంకెలు కదలవు.

రెండో ప్రశ్న: 1004 దగ్గర రెండు బైట్ల సంఖ్య ఉంది, రుణసంఖ్య కూడా కావచ్చు. లిటిల్ ఎండియన్‌లో అది FFFE, అంటే 65,534. పై బిట్ 1 కాబట్టి 65,536 తీసేస్తే జవాబు −2. బిగ్ ఎండియన్‌లో FEFF, అంటే −257. ముందు వరస సరిచేసి, ఆ తర్వాతే గుర్తు చూడాలి.

మూడోది మెలిక ప్రశ్న: 1006 నుంచి ఉన్న రెండు ఆస్కీ అక్షరాలేవి? 41 అంటే A, 50 అంటే P. ఏ యంత్రంలోనైనా AP అనే వస్తుంది, PA రాదు. ఇక్కడ ఒక్కో అక్షరం ఒక్కో బైటే, తిప్పడానికి ఏమీ లేదు. ఎరే అయినా అంతే: మూలకాల క్రమం మారదు, ప్రతి మూలకం లోపలి బైట్లే మారతాయి.

ఏ పద్ధతో చెప్పకపోతే సున్నాలు ఆనవాలు ఇస్తాయి. ప్రోగ్రాముల్లో చిన్న సంఖ్యలే ఎక్కువ కాబట్టి, సున్నా బైట్లు తరచూ చివర కనిపిస్తే లిటిల్, ముందు కనిపిస్తే బిగ్ అని ఊహించవచ్చు. ఇది ఊహే, రుజువు కాదు.

ఈ తేడా పరీక్షతో ఆగదు. ఇంటర్నెట్ ప్రోటోకాల్ హెడర్లలో సంఖ్యలు బిగ్ ఎండియన్‌లో వెళ్లాలి. ల్యాప్‌టాప్‌లో రాసిన సీ ప్రోగ్రాములో `htons` మరిచిపోతే పోర్ట్ 80, అంటే 0050, అవతల 5000గా కనిపిస్తుంది. కనెక్షన్ 20,480వ పోర్టుకు పోతుంది. కనెక్ట్ కాని ప్రోగ్రాములో ఈ అంకె కనబడితే, వెతకాల్సిన తప్పు ఏదో తెలిసిపోయినట్టే.