నిద్ర కోసం మెగ్నీషియం, పక్కనే థైరాయిడ్ మాత్ర

నిద్ర పట్టడం లేదని మెగ్నీషియం మాత్రలు కొనేవారు ఇప్పుడు చాలామందే. వృద్ధులపై జరిగిన 3 చిన్న పరీక్షలను 2021లో కలిపి చూస్తే, నిద్ర పట్టే సమయం సగటున 17 నిమిషాలు తగ్గినట్టు తేలింది. కానీ వాటిలో పాల్గొన్నది మొత్తం 151 మందే, పరీక్షల నాణ్యత కూడా అంతంతమాత్రం. పడుకునేముందు 3 గ్రాముల గ్లైసిన్ తీసుకోవడానికి ఉన్న ఆధారం ఇంకా చిన్నది. వలేరియన్ ఫలితాలైతే ఒకదానితో ఒకటి పొసగవు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే. థైరాక్సిన్‌ను రాత్రిపూట వేసుకునే ఒక గృహిణి, అదే వేళకు మెగ్నీషియం కూడా మింగిందనుకోండి. అది పేగులోనే థైరాక్సిన్‌ను పట్టేసి, రక్తంలోకి సరిగా చేరనివ్వదు. కొన్ని వారాలకు నీరసం, మలబద్ధకం మొదలవుతాయి. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగి కనిపిస్తుంది. సప్లిమెంటు సంగతి ఆమె చెప్పకపోతే డాక్టరు థైరాక్సిన్ మోతాదే పెంచవచ్చు. నిజానికి రెండింటి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉంటే సరిపోయేది. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్స్‌కూ ఇలాంటి ఎడమే కావాలి.

ఎడంతో తీరనివీ ఉన్నాయి. కిడ్నీలు దెబ్బతిన్నవారి ఒంట్లో మెగ్నీషియం పేరుకుపోతుంది. అల్ప్రజోలం వాడుతూ వలేరియన్ కూడా తీసుకుంటే మత్తు ఎక్కువై, రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పెద్దవాళ్లు తూలి పడే ప్రమాదం ఉంది.