ఉద్దెర పుస్తకంలో దొరికే రైతు

మే నెలాఖరున ఏ మండల కేంద్రానికి వెళ్లినా ఎరువుల కొట్ల కరపత్రాలు కవల పిల్లల్లా ఉంటాయి. పచ్చటి పొలం, తలపాగా చుట్టిన రైతు, పైన ‘అధిక దిగుబడికి నాణ్యమైన ఎరువులు’. కొట్టు పేరు చెరిపేసి పక్క కొట్టు పేరు రాసినా తేడా తెలియదు.

ధర చెప్పి ఆకట్టుకుందామంటే ఆ దారీ ఇరుకే. 45 కిలోల యూరియా బస్తా గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు. ఏ కొట్టులోనైనా అంతే, అంతకు మించి అమ్మకూడదు. డీలరుకు మిగిలేది కొద్దిపాటి మార్జిన్ కనుక తగ్గించేందుకూ పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి కరపత్రం రాసేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: దాన్ని ఎవరు చదువుతారు?

మార్కెటింగ్ వాళ్లు దీనికి ‘కస్టమర్ పర్సోనా’ అని పేరు పెట్టారు. సాఫ్ట్‌వేర్ రూపకర్త అలన్ కూపర్ 1999లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. మాట కొత్తది గానీ పని పాతదే. అసలు ఖాతాదారుల వివరాల్లోంచి ఒక ఊహా మనిషిని తయారుచేసి, అతనితో మాట్లాడుతున్నట్టు రాయడం.

వరంగల్ వైపు ఒక కొట్టు ఉందనుకుందాం. యజమాని మొదట తెరవాల్సింది ఉద్దెర పుస్తకం. పీఓఎస్ యంత్రం ఎవరి వేలిముద్రపై ఎన్ని బస్తాలు వెళ్లాయో చెబుతుంది. ఆ బస్తాలు ఏ పంటకు వేశారో, ఎందుకు అప్పుడే కొన్నారో చెప్పదు. పుస్తకంలో పోయిన వానాకాలం ఖాతాలు 40 తీస్తే 23 మంది మూడు నుంచి ఐదెకరాల పత్తి రైతులని తేలింది. తొమ్మిది మందిది బోరు కింద వరి, ఐదుగురిది మిర్చి, ముగ్గురు పెద్ద రైతులు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అందరినీ కలిపి సగటు తీస్తారు. రెండెకరాల మనిషినీ ఇరవై ఎకరాల మనిషినీ కలిపితే పదకొండు ఎకరాల రైతు వస్తాడు. అలాంటివాడు ఆ కొట్టు మెట్టు ఎక్కనే లేదు! సగటు వదిలేసి, పెద్ద గుంపునే పట్టుకోవాలి.

ఆ 23 మందిలోంచి పుట్టినవాడు సారయ్య. రెండెకరాలు సొంతం, రెండు కౌలు. జూన్‌లో వాన పడ్డాక పత్తి గింజ పెడతాడు, పత్తి అమ్మాక బాకీ తీరుస్తాడు. ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది. ఎరువును ‘పిండి’ అంటాడు, ‘పోషకాలు’ అన్న మాట అతని నోట రాదు. ఇంతవరకూ పుస్తకమూ కొట్టు ముందు కబుర్లూ ఇచ్చేస్తాయి.

అసలు పని ఆ తర్వాతది. పుస్తకంలో తేదీలు చూస్తే ఈ 23 మందిలో ఎక్కువమంది డీఏపీ కొన్నది విత్తిన మూడు నాలుగు వారాలకు. భాస్వరం మొత్తం దుక్కిలోనే వేయాలని శాస్త్రవేత్తల సిఫారసు. తెలియక ఆలస్యం చేశారా? నలుగురైదుగురిని కూర్చోబెట్టి, ‘ఎందుకు వెయ్యలేదు’ అని నిలదీయకుండా ‘ఆ వారం ఏం జరిగింది’ అని అడిగితే వేరే సంగతి బయటపడుతుంది. వాన మొహం చాటేస్తే గింజ మొలవదు, మళ్లీ విత్తాలి. మొలక కళ్లబడకుండా పిండి మీద డబ్బు పోయడానికి సారయ్యకు ధైర్యం చాలదు. అతనికి అడ్డు పడుతున్నది భయం, తెలియకపోవడం కాదు.

ఈ ఒక్క వాక్యం చేతికొస్తే కరపత్రం మారిపోతుంది. ‘డీఏపీ దుక్కిలోనే వెయ్యండి’ అని ఆజ్ఞాపిస్తే అతను తల ఊపి వెళ్లిపోతాడు. దాని బదులు: ‘పత్తి మళ్లీ పెట్టాల్సి వచ్చినా దుక్కిలో వేసిన భాస్వరం నీళ్లతో పాటు కిందికి జారిపోదు, చాలావరకు మీ చేనులోనే ఉంటుంది. 20వ రోజు యూరియా, పొటాష్ వెయ్యాలని మేమే ఫోన్ చేసి గుర్తుచేస్తాం.’ భాస్వరం నేలలో కదలడం తక్కువ కాబట్టి ఇది నిజమైన మాటే. డీఏపీలోని నత్రజనికి మాత్రం ఆ హామీ లేదు, అందుకే కరపత్రం భాస్వరం పేరే చెప్పాలి.

అచ్చుకు ఇచ్చేముందు చిత్తుప్రతిని ముగ్గురు పత్తి రైతులకు చదివి వినిపించాలి. ‘ఇది మా గురించే’ అని ఒక్కరూ అనకపోతే సారయ్య తప్పుగా తయారైనట్టు. యాసంగికి ఇదే కాగితం పనికిరాదు. అప్పుడు మాట్లాడాల్సింది బోరు కింది వరి రైతుతో, అతనికి మరో పేజీ కావాలి.

ఈ పద్ధతికి ఒక గుడ్డి కోణం కూడా ఉంది. ఉద్దెర పుస్తకంలో ఉండేది అప్పు తీసుకున్నవారే. నగదు ఇచ్చి మౌనంగా వెళ్లేవారు అందులో లేరు, పోయినేడు వచ్చి ఈ ఏడు పక్క కొట్టుకు మళ్లినవారి పేర్లూ అందులో రావు. వాళ్ల కోసం కొత్త కాగితం మొదలుపెట్టి, ఐదుగురికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్లు చేయడం ఏ యజమానికైనా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.