నూటతొంభై అయిదో బిల్లు

తిరుపతి బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణు నివాసం. ఈ రెంటి మధ్య ఏ గడపలో నిలబడినా జనం ఏరులా పారుతుంటారు. ఇక్కడ ఫ్రాంచైజీ కాఫీ షాపు పెట్టాలనుకునేవాళ్లు ప్రతిపాదనలో మొదట రాసే వాక్యం ఒకటే: ‘నిత్యం వేలమంది యాత్రికులు వచ్చే చోటు.’ ఆ మాట నిజమే. కానీ కంపెనీవాళ్లకైనా, అప్పిచ్చే బ్యాంకుకైనా కావలసింది ఆ వేలమందిలో మీ షాపులో బిల్లు చేయించుకునేవాళ్లు ఎంతమంది అన్న లెక్క.

కొండకు పోవాలన్న తొందరలో ఉన్న భక్తుడు తిరుపతిలో ఆగడు. దర్శనం అయ్యాక, రైలుకో బస్సుకో గంట టైమున్నప్పుడు ఆగుతాడు. అందుకని ఒకే రోడ్డులో ఒక పక్క షాపు కిటకిటలాడి, ఎదుటి పక్క షాపు ఈగలు తోలుకోవచ్చు. లెక్కపెట్టేటప్పుడు దారిన పోయేవాళ్లను కాకుండా, పక్కనున్న టీ కొట్టులో డబ్బులిచ్చేవాళ్లను చూడాలి. ఒక మామూలు మంగళవారం, ఒక శనివారం, తమిళనాడు నుంచి జనం పోటెత్తే పెరటాసి శనివారం ఒకటి, ఈ మూడు రోజులూ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కూర్చుని రాసుకోవాలి. పెరటాసి లెక్కను పన్నెండు నెలలకూ పరిచిన ప్రతిపాదనలే ఎక్కువ మునుగుతాయి.

దారులు మారడం కూడా చూడాలి. శ్రీనివాస సేతు 2023 సెప్టెంబరులో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. అప్పటినుంచి తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం వైపు పోయే బండి కింది రోడ్డు మొహం చూడకుండానే ఊరు దాటగలదు. వంతెన కిందున్న షాపుకు అంతకు ముందు ఏళ్ల అమ్మకాలు చూపించి అద్దె చెబితే నమ్మకూడదు. చిత్తూరులోనూ ఇలాంటి మలుపే ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక, ఆ వైపు మండలాలవాళ్లకు కలెక్టరేటు పని మీద చిత్తూరు రావలసిన అవసరం లేదు. ఆఫీసుల చుట్టూ పెట్టే షాపుకు పాత లెక్కలు పనికిరావు.

ఇప్పుడు ఒక షాపు లెక్క కట్టి చూద్దాం. ఈ అంకెలు లెక్క నడిచే తీరు చూపడానికి నేను వేసుకున్నవి. ఫ్రాంచైజీ ఫీజు, లోపలి పనులు, మెషీన్లు కలిపి పెట్టుబడి 18 లక్షలు. షాపు అడ్వాన్సు తిరిగొచ్చేది కాబట్టి దాన్ని విడిగా చూపాలి. రోజుకు 250 బిల్లులు, బిల్లుకు 50 రూపాయలు అనుకుంటే నెలకు 3,75,000 అమ్మకం. అందులో సరుకుకు నూటికి 40 చొప్పున లక్షన్నర పోతుంది. అద్దె 60,000. గల్లాలో కూర్చునే యజమాని జీతంతో కలిపి జీతాలు 70,000. కరెంటు, గ్యాసు, చిల్లర ఖర్చులు 25,000.

ఇక రాయల్టీ. ఒప్పందంలో 6 శాతం అని ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. తిండి షాపు కస్టమరు దగ్గర 5 శాతం జీఎస్టీ వసూలు చేసే పద్ధతిలో ఉంటే, తాను కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోలేదు. కాబట్టి చేతినుంచి పోయేది 6 కాదు, 7.08 శాతం. అంటే నెలకు 26,550. అన్నీ పోగా మిగిలేది 43,450. పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు 41 నెలలు. అయిదేళ్ల ఒప్పందానికి ఇది బాగానే ఉంది.

రోజుకు 30 బిల్లులు తగ్గితే? అద్దె, జీతాలు తగ్గవు. మిగులు 19,636కి పడిపోతుంది. పెట్టుబడి రావడానికి 92 నెలలు పడుతుంది, ఒప్పందమేమో 60 నెలలకే అయిపోతుంది. రెన్యువల్‌కు మళ్లీ ఫీజు అడిగే కంపెనీలూ ఉన్నాయి. బిల్లులు 195కి వస్తే యజమానికి దాదాపు ఏమీ మిగలదు. కంపెనీకి మాత్రం పన్ను కాకుండా నెలకు 17,500 దాకా పోతూనే ఉంటుంది, ఎందుకంటే రాయల్టీ అమ్మకం మీద, లాభం మీద కాదు. నా దృష్టిలో ప్రతిపాదన మొదటి పేజీలో ఉండవలసిన అంకె ఈ 195.

‘కనీస రాయల్టీ’ అనే షరతు ఉంటే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అమ్మకం ఎంత పడిపోయినా అంత కట్టాల్సిందే. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ప్రధాన ఆధారం. మూతపడిన షాపులెన్నో ముందే చెప్పాలని కంపెనీని కట్టడి చేసే ఫ్రాంచైజీ నిబంధన లేదు కాబట్టి, అదే బ్రాండు నడుపుతున్న ఇద్దరు ముగ్గురి దగ్గరికి వెళ్లి వాళ్ల నెల బిల్లులు చూపించమని అడగాలి. ఆ తర్వాతే ప్రతిపాదన చివర ఈ రెండూ రాయాలి: రోజు సగటు 195 బిల్లులకు తగ్గిన నెలల్లో కనీస రాయల్టీ ఉండకూడదు, బస్టాండు నుంచి రైల్వే స్టేషను దాకా మరో షాపు ఇవ్వకూడదు.